హోటల్‌లో పాడైన చికెన్, చేతికి అంటిన రంగు: ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: నిన్న శనివారం రాత్రి విజయనగరంలో ఒక రెస్టారెంట్‌లో ఫ్యామిలీతో తిన్నాం. బిర్యానీలో చికెన్ ముక్కలు పుల్లటి వాసన వచ్చాయి. చిల్లీ చికెన్ ఎర్ర రంగు చేతికి అంటుకుని సబ్బుతో కడిగినా పోలేదు. బిల్లు, ఫోటోలు ఉన్నాయి. మిగిలింది పార్సిల్ కట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇవి సాక్ష్యంగా సరిపోతాయా? ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి లెటర్ ఎలా రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

బిల్లు, ఫోటోలు ఫిర్యాదు ఇవ్వడానికి సరిపోతాయి. హోటల్ మీద కేసు నిలబడటానికి మాత్రం అవి చాలవు. మీ ఫ్రిజ్‌లో ఉన్న పార్సిల్ చట్టం దృష్టిలో శాంపిల్ కాదు. అయినా లెటర్ తప్పకుండా రాయండి, ఈ రాత్రికే రాసిపెట్టుకుని రేపు పొద్దున్నే ఇవ్వండి. ఒక పేజీ చాలు. అందులో బిర్యానీ కంటే ముందు చిల్లీ చికెన్ గురించి రాయండి. అలా ఎందుకన్నది కింద వివరంగా చెబుతాను.

నేను ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, 2011 ఆగస్టు 5న కొత్త ఆహార భద్రతా చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌గా మారి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసి రిటైర్ అయినదాన్ని. మీలాంటి వాళ్లు రాసిన లెటర్లు వందల్లో చదివాను. వాటిలో ఎక్కువ భాగం నాకు పనికిరాలేదు. రాసినవాళ్లు అబద్ధం చెప్పారని కాదు. నేను ఆ హోటల్‌కి వెళ్లి ఏం చూడాలో ఆ లెటర్లలో ఉండేది కాదు.

ముందు పార్సిల్ సంగతి. ఒకాయన రెండు రోజుల నాటి బిర్యానీని స్టీలు క్యారేజీలో తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "మేడమ్, ల్యాబ్‌కి పంపించండి" అన్నారు. మూత తీయగానే గది అంతా వాసన. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ హోటల్ టేబుల్ నుంచి నా టేబుల్ దాకా ఆ బిర్యానీ ఎక్కడెక్కడ ఉంది, ఎంతసేపు ఎండలో ఉంది, ఎవరు ముట్టుకున్నారు అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేరు. హోటల్ తరఫు లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.

శాంపిల్ అంటే ఆఫీసర్ స్వయంగా హోటల్‌లో తీసేది. నేను తీసేటప్పుడు ఇలా ఉండేది. ముందు యజమానికి ఫారం 5-ఎ నోటీసు ఇస్తాం. సాక్షిని పక్కన నిలబెట్టుకుంటాం. అమ్మే ధర ఇచ్చే కొంటాం, రసీదు తీసుకుంటాం. కొన్నదాన్ని నాలుగు భాగాలు చేసి శుభ్రమైన పొడి సీసాల్లో వేస్తాం. ఒక్కో సీసాకి మందపాటి కాగితం చుట్టి, కోడ్ నంబరున్న స్లిప్పు అతికించి, దారం కట్టి, లక్కతో సీలు వేస్తాం. యజమాని సంతకం సగం స్లిప్పు మీద, సగం చుట్టిన కాగితం మీద పడేలా పెట్టిస్తాం. తర్వాత ఎవరైనా విప్పితే ఆ సంతకం రెండు ముక్కలవుతుంది. నాలుగింటిలో ఒకటి ఫుడ్ అనలిస్టుకి వెళుతుంది, ఆయన 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఇంత పద్ధతిగా తీసిన సీసా ముందు మీ పార్సిల్ నిలవదు.

కొనుగోలుదారుడే తినే పదార్థాన్ని పరీక్ష చేయించుకునే హక్కు కూడా చట్టంలో ఉంది, 40వ సెక్షన్. ఫీజు మనమే కట్టాలి. రిపోర్టు హోటల్‌కి వ్యతిరేకంగా వస్తే ఆ ఫీజు తిరిగి ఇస్తారు. కానీ కొనేటప్పుడే "నేను దీన్ని పరీక్షకి పంపిస్తున్నాను" అని హోటల్‌వాళ్లకి చెప్పి ఉండాలి. మీరు తిని ఇంటికి వచ్చేశారు కాబట్టి ఆ దారి ఈసారికి లేదు.

అందుకని మీ లెటర్‌తో నేరం నిరూపించాలని ప్రయత్నించకండి. అది మీ వల్ల కాదు, మీ పనీ కాదు. ఆఫీసర్‌ని ఆ వంటగదిలోకి, సరైన టైముకి, సరైన చోటికి పంపించడమే మీ లెటర్ పని. రాసే ప్రతి వాక్యం దగ్గర మిమ్మల్ని మీరు ఇదొక్కటే అడగండి: ఇది చదివితే ఆఫీసర్‌కి ఎక్కడ వెతకాలో తెలుస్తుందా?

ఇప్పుడు చిల్లీ చికెన్ ముందు ఎందుకో చెబుతాను.

మీ ఫిర్యాదులో నిజానికి రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి పాడైపోయిన చికెన్, రెండోది రంగు. జనం రెండింటినీ కలిపి "కల్తీ ఫుడ్" అని రాసేస్తారు. ఆఫీసర్‌కి మాత్రం రెండూ రెండు రకాల పనులు.

పాడైన చికెన్ ఒక రాత్రి సరుకు. మీరు తిన్న ముక్కలు శనివారం రాత్రే అయిపోయాయి. మిగిలినవి ఉన్నా, మీరు అక్కడ గొడవ పెట్టి ఉంటే ఆ రాత్రే డ్రైనేజీలో పడి ఉంటాయి. సోమవారం ఆఫీసర్ వెళితే దొరికేది ఆ చికెన్ కాదు, ఆ హోటల్ అలవాటు. మసాలా పట్టించిన చికెన్ బేసిన్ల మీద మూత ఉందా? ఏ రోజు కలిపారో తేదీ చీటీ ఉందా? ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉందా? వేడిగా వడ్డించాల్సింది 60 డిగ్రీల పైన ఉంచుతున్నారా? పచ్చి మాంసం, వండింది ఒకే అరలో ఉన్నాయా? చికెన్ ఎక్కడ కొన్నారో బిల్లులున్నాయా? ఇవన్నీ లైసెన్సు నిబంధనల నాలుగో షెడ్యూల్‌లో ఉన్నవే. లోపాలు కనిపిస్తే సరిదిద్దుకోమని నోటీసు ఇస్తారు, కుళ్లినది కంటికి కనిపిస్తే పంచనామా రాసి అక్కడే ఫినాయిల్ పోసి పారబోయిస్తారు. అపరిశుభ్రంగా వండినందుకు 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

రంగు అలా కాదు. ఆ పొడి ప్యాకెట్ వంటగదిలో ఏదో డబ్బా వెనకాల ఉంటుంది. శనివారం వేసినవాడు సోమవారం కూడా వేస్తాడు, వచ్చే శనివారం కూడా వేస్తాడు. ఆఫీసర్ రెండు రోజులు ఆలస్యంగా వెళ్లినా అదే చిల్లీ చికెన్‌ని ప్లేటు కొని, శాంపిల్ తీసి, ల్యాబ్‌కి పంపొచ్చు. రంగు ఉంటే రిపోర్టులో పట్టుబడుతుంది. మిఠాయిల్లాంటి కొన్నింటిలో కొన్ని రంగుల్ని పరిమితికి లోబడి వాడనిస్తారు గానీ, చిల్లీ చికెన్, కబాబ్, బిర్యానీ లాంటి వండిన వంటల్లో కృత్రిమ రంగు వేయకూడదు. కర్ణాటకలో 2024లో కబాబ్‌లలో కృత్రిమ రంగుల్ని ప్రత్యేకంగా నిషేధించినప్పుడు ఇక్కడ కూడా చాలామంది "మనకి లేదా ఆ రూలు?" అని అడిగారు. నిబంధన దేశమంతటికీ ఉన్నదే.

అంటే మీకు ఎక్కువ బాధ కలిగించింది బిర్యానీ వాసన కావచ్చు, ఆఫీసర్ చేతికి బలమైన ఆధారం దొరికేది మాత్రం చిల్లీ చికెన్‌లో.

ఇక్కడ ఒక జాగ్రత్త. లెటర్‌లో "విషపు రంగు కలిపారు", "క్యాన్సర్ రంగు వాడారు" అని రాయకండి. మీరు చూసింది మాత్రమే రాయండి: రంగు వేళ్లకి అంటింది, సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. అది మంచి ఆనవాలే. కారప్పొడి ఎరుపు నూనెలో కరుగుతుంది, అందుకే సబ్బు పెట్టి జిడ్డు వదిలిస్తే దానితో పాటే చాలావరకు పోతుంది. నీళ్లలో కరిగే పొడి రంగు చర్మాన్ని పట్టుకుని ఉండిపోతుంది. మీ ఫ్రిజ్‌లో పార్సిల్‌కి ఇప్పుడు ఒక ఉపయోగం ఉంది. ఒక ముక్కని గాజు గ్లాసులో మామూలు నీళ్లలో వేయండి. నూనె పైకి తేలి, కింద నీళ్లు తేరుకుని ఉంటే అది కారప్పొడి ఎరుపే అయ్యుండొచ్చు. ముక్క నుంచి ఎర్రటి చారలు దిగి నీళ్లన్నీ ఎర్రగా మారితే పొడి రంగు వేశారని అనుమానించొచ్చు. ఫోటో తీసి లెటర్‌కి జత చేయండి. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, టమాటా సాస్ వల్ల కూడా నీళ్లు కొంచెం రంగు మారొచ్చు. కానీ ఆఫీసర్‌కి ఏ వంటకం శాంపిల్ తీయాలో చెప్పడానికి ఇది చాలు. ఆ పార్సిల్‌ని ఇంట్లో ఎవరూ ఇంకోసారి రుచి చూడకండి.

బిర్యానీ విషయంలో కూడా ఒక మాట. ఎముక దగ్గర మాంసం గులాబీ రంగులో ఉందని, నల్లగా ఉందని ఫోటోలు పెడుతుంటారు. లేత బ్రాయిలర్ కోళ్లలో ఎముక మజ్జ రంగు బయటికి దిగి అలా కనిపిస్తుంది, దాన్నిబట్టి పాడైందని చెప్పలేం. పుల్లటి వాసన, ముక్క పైన జిగురు, వేలితో నొక్కితే పీచు పీచుగా విడిపోకుండా మెత్తగా నలిగిపోవడం, అన్నం తీగలు సాగడం, ఇవి చెప్పండి. వాసన ఫోటోలో రాదు కాబట్టి దాన్ని మాటల్లోనే రాయాలి.

మీ విషయానికి నేనైతే లెటర్ ఇలా రాస్తాను. ఖాళీలు మీరు నింపుకోండి.

> తేదీ: ............
>
> ఆహార భద్రతా అధికారి గారికి,
> విజయనగరం జిల్లా.
>
> విషయం: ............ హోటల్ (............ జంక్షన్, విజయనగరం) లో వడ్డించిన చిల్లీ చికెన్‌లో రంగు, బిర్యానీలో పాడైన చికెన్ గురించి ఫిర్యాదు, తనిఖీ చేసి శాంపిల్ తీయవలసిందిగా విన్నపం.
>
> అయ్యా / అమ్మా,
>
> ............ తేదీ శనివారం రాత్రి 8:50కి నేను, నా కుటుంబ సభ్యులు ముగ్గురం పై హోటల్‌లో భోజనం చేశాం. బిల్లు నంబరు ............, బిల్లు సమయం ............, టేబుల్ నంబరు ............. బిల్లు మీద ఉన్న ఫుడ్ లైసెన్సు నంబరు .............
>
> 1. చిల్లీ చికెన్ (ఒక ప్లేటు): ముదురు ఎరుపు రంగులో ఉంది. తింటుండగా కుడిచేతి వేళ్లకి రంగు అంటింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. మిగిలిన ముక్కను నీళ్లలో వేయగా .............
>
> 2. చికెన్ బిర్యానీ (రెండు ప్లేట్లు): ముక్కలకి పుల్లటి వాసన ఉంది, పైన జిగురుగా ఉంది. రెండు ప్లేట్లలోనూ అలాగే ఉంది. సర్వర్‌కి చెప్పగా "............" అన్నారు.
>
> 3. తిన్న తర్వాత మాలో ఎవరికీ ఆరోగ్య సమస్య రాలేదు. / ............ గారికి రాత్రి ............ గంటలకి వాంతులయ్యాయి, డాక్టరు చీటీ జతపరిచాను.
>
> ఈ హోటల్‌లో రాత్రి 8 నుంచి 10 వరకు రద్దీ ఎక్కువ. దయచేసి వంటగది, ఫ్రీజర్లు తనిఖీ చేసి, చిల్లీ చికెన్ శాంపిల్ పరీక్షకి పంపవలసిందిగా కోరుతున్నాను. తీసుకున్న చర్యను నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. తనిఖీ సమయంలో నా పేరు హోటల్ వారికి చెప్పవద్దని విన్నపం.
>
> జతపరిచినవి: బిల్లు జిరాక్స్ 1, ఫోటోలు 5.
>
> ఇట్లు,
> (సంతకం, పేరు, చిరునామా, ఫోన్ నంబరు)

అంతే. "ప్రజల ప్రాణాలతో చెలగాటం", "కఠినాతి కఠిన చర్యలు" లాంటి మాటలు ఎక్కడా లేవు చూడండి. అవి రాసినందువల్ల ఆఫీసర్ తొందరగా కదలరు. ఏ రూలు ప్రకారం ఏ శిక్ష వేయాలో కూడా మీరు రాయక్కర్లేదు. పేరు, ఫోన్ నంబరు మాత్రం ఉండాలి. రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదును విచారించడం ఆఫీసర్ విధుల్లో రాసి ఉన్నదే. ఆకాశరామన్న ఉత్తరమైతే, వివరం ఏదైనా కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి?

ఈ లెటర్‌లో సర్వర్ అన్న మాటకి చోటు వదిలాను. చాలామంది దాన్ని పట్టించుకోరు. అది ఎంత విలువైనదో ఒక ఉదాహరణ చెబుతాను.

శ్రీకాకుళంలో ఒక హోటల్ మీద నాకు వారం తేడాతో రెండు లెటర్లు వచ్చాయి. మొదటిది చాలా కోపంగా రాశారు, నాలుగు పేజీలు. పది ఫోటోలు, అన్నీ ముక్కల క్లోజప్‌లే. తేదీ లేదు, ఏ పూట తిన్నారో లేదు. మధ్యాహ్నం నాలుగింటికి వెళ్లాను. లైసెన్సు సరిగ్గా ఉంది. వంటగది కడిగి ఉంది. ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, కూరగాయలు. చికెన్ రెండు కిలోలు, ఆ రోజుదే, బిల్లు కూడా చూపించారు. యజమాని టీ తెప్పించబోతే వద్దని వచ్చేశాను. ఆ లెటర్ రాసినాయనకి ఏమీ దొరకలేదని జవాబు పంపాల్సి వచ్చింది. ఆయన నన్ను ఇంకా తిట్టుకుంటూనే ఉంటారేమో.

రెండో లెటర్ ఒక నర్సు రాసింది. ముప్పాతిక పేజీ. రాత్రి 9:40, ఫ్రైడ్ రైస్‌లో చికెన్ పులిసిన వాసన, ఇంకో ప్లేటు తెమ్మంటే సర్వర్ అన్న మాట యథాతథంగా: "ఏటండి మేడమ్, పాతది కాదండి, ఎనకాల ఫ్రిజ్‌లోంచి తీసి ఏడి చేసి తెచ్చాం." ఆ "ఎనకాల ఫ్రిజ్" దగ్గర నేను ఆగిపోయాను. నేను చూసిన ఫ్రిజ్ వంటగదిలో ముందు వైపు ఉంది. వెనకాల ఇంకోటి ఉన్నట్టు నాకు తెలియదు.

ఈసారి పొద్దున పదకొండున్నరకి వెళ్లాం, మధ్యాహ్నం రద్దీ మొదలవకముందు. వంటగది దాటి, అంట్లు తోమే చోటు దాటి వెళితే రేకుల షెడ్డులో పాత డీప్ ఫ్రీజర్. మూత రబ్బరు చిరిగిపోయి సరిగ్గా మూసుకోవడం లేదు. లోపల నాలుగు స్టీలు బేసిన్లలో ఎర్రగా మసాలా పట్టించిన చికెన్. మూతల్లేవు, తేదీల్లేవు. రెండు బేసిన్లు చూస్తేనే తెలుస్తోంది, అంచుల్లో నురగ, చేత్తో ఎత్తితే జిగురు. థర్మామీటరు పెడితే ఫ్రీజర్ ఫ్రీజర్‌లా లేదు, మామూలు చల్లదనం కూడా లేదు. ఆ రెండు బేసిన్లు పంచనామా రాసి ఫినాయిల్ పోసి పారబోయించాం. లోపాలు సరిదిద్దుకోమని 32వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చాం. మసాలా డబ్బాల వెనక రంగు పొడి ప్యాకెట్ దొరికింది. వండి వడ్డించడానికి సిద్ధంగా ఉన్న చిల్లీ చికెన్ కొని శాంపిల్ తీశాం. రిపోర్టులో కృత్రిమ రంగు ఉందని వచ్చింది, కేసు అయింది.

రెండు లెటర్లు రాసినవాళ్లూ నిజమే చెప్పారు. ఫ్రీజర్ ఎక్కడుందో రెండో లెటర్‌లో ఉంది.

కాబట్టి సర్వర్, మేనేజర్, కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఏమన్నారో గుర్తు తెచ్చుకుని వాళ్ల మాటల్లోనే రాయండి. "ఇవాళ సరుకు రాలేదు", "మాస్టర్ లేడు", "బిర్యానీ బయట నుంచి తెప్పిస్తాం", ఇలాంటివన్నీ దారి చూపిస్తాయి. బిర్యానీ వేరే చోట వండి తెస్తుంటే ఈ హోటల్ వంటగదిలో ఏమీ దొరకదు, ఆ రెండో చోటికి కూడా వెళ్లాలి.

బిల్లు. కౌంటర్‌లో ఇచ్చే బిల్లు వేడితో అచ్చయ్యే కాగితం. పర్సులో పెట్టుకుని ఎండలో తిరిగితే వారంలో సగం అక్షరాలు మాయం. ఈ రాత్రే ఫోటో తీయండి, రేపు పొద్దున జిరాక్స్ తీయించండి. అసలు బిల్లు మీ దగ్గరే ఉంచుకుని జిరాక్స్ ఇవ్వండి. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఎఐ నంబరు, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ పేరుతో ఉండే ఫుడ్ లైసెన్సు నంబరు, ఉందేమో చూడండి. 2022 జనవరి 1 నుంచి అది బిల్లు మీద ఉండటం తప్పనిసరి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారాలకి ఇచ్చే రిజిస్ట్రేషన్. పెద్ద రెస్టారెంట్ నంబరు 2తో మొదలవుతుంటే ఆ మాట కూడా లెటర్‌లో రాయండి. నంబరే లేకపోతే "బిల్లు మీద లైసెన్సు నంబరు లేదు" అని రాయండి, అదొక తప్పే. బిల్లు ఇవ్వని హోటల్ అయితే ఫోన్‌లో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ పనికొస్తుంది, అందులో టైము, అవతలి పేరు ఉంటాయి.

ఫోటోలు. మీ దగ్గర ఎన్ని ఉన్నా ఐదుకి మించి ఇవ్వకండి. టేబుల్ మొత్తం కనిపించేది ఒకటి, ప్లేటు పక్కన బిల్లుతో ఒకటి ఉంటే అది, ముక్క దగ్గరగా ఒకటి, రంగు అంటిన వేళ్లు ఒకటి, నీళ్ల గ్లాసు ఒకటి. ఫిల్టర్లు, ఎర్ర గుండ్రాలు, బాణాలు గీయకండి. ఒరిజినల్ ఫోటోలు ఫోన్‌లోంచి తీసేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది, తీసిన టైము వివరాలు కూడా పోతాయి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి.

ఎవరికి వాంతులు, విరేచనాలు అయినా తిన్న టైము, అనారోగ్యం మొదలైన టైము రెండూ రాయండి. గంటల్లోనే వాంతులు మొదలైతే ఒక రకం క్రిములు, మర్నాటికి జ్వరంతో మొదలైతే ఇంకో రకం. డాక్టరుకి కూడా ఆ తేడాతోనే తెలుస్తుంది. ఆస్పత్రికి వెళితే ఎక్కడ తిన్నారో చెప్పి చీటీలో రాయించుకోండి. అలాంటప్పుడు మాత్రం ఆ పార్సిల్ పారేయకుండా ఫ్రీజర్‌లో విడిగా ఉంచి ఆఫీసర్‌కి చెప్పండి. అది శాంపిల్ కాకపోయినా విచారణకి ఉపయోగపడొచ్చు.

ఎక్కడ ఇవ్వాలి. రేపు సోమవారం కాబట్టి కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ ఇస్తే నంబరు వేసి రసీదు ఇస్తారు, అది సంబంధిత ఆఫీసుకి వెళుతుంది. కానీ దానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. అందుకని ముందు నేరుగా జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ తర్వాత కలెక్టరేట్‌కి వెళ్లండి. ఫోన్‌లో ఇవ్వాలంటే `Food Safety Connect` యాప్ ఉంది, లేదా ఎఫ్ఎస్ఎస్ఎఐ టోల్ ఫ్రీ నంబరు 1800-112-100. యాప్‌లో ఇచ్చినా కాగితం ఇవ్వడం మానకండి.

ఇంకో చిన్న విషయం, మీకు కాదు గానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. పాలకొండ పార్వతీపురం మన్యంలో ఉంది. పాత అలవాటుతో శ్రీకాకుళానికి రాస్తే లెటర్ ఆఫీసుల మధ్య తిరిగి, వారం తర్వాత అసలు ఆఫీసర్‌కి చేరుతుంది. ఈలోపు ఫ్రిజ్ ఖాళీ.

తనిఖీకి ముందు హోటల్ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో పెట్టకండి, గూగుల్ రివ్యూ రాయకండి, యజమానికి ఫోన్ చేసి "ఫుడ్ సేఫ్టీకి ఇస్తున్నా" అని హెచ్చరించకండి. తనిఖీ అయ్యాక మీ ఇష్టం. ముందే తెలిస్తే ఆ రాత్రే వంటగది కడిగేస్తారు, రంగు ప్యాకెట్ పక్కింట్లో ఉంటుంది. బాగా తెలిసిన ఒక కుర్రాడు ఇలాగే ఒక వీడియో పెట్టి, రెండు రోజుల తర్వాత నా దగ్గరికి లెటర్‌తో వచ్చాడు. మేం వెళ్లేసరికి ఆ హోటల్‌లో గోడలకి కొత్త సున్నం వేస్తున్నారు.

తర్వాత ఏం జరుగుతుంది. తనిఖీ కొద్ది రోజుల్లో జరగొచ్చు, కేసు మాత్రం నెలలు పడుతుంది. రిపోర్టు వచ్చాక యజమానికి దాని మీద అప్పీలు చేసుకోవడానికి 30 రోజులు ఉంటాయి. నాణ్యత తక్కువ అని తేలితే విషయం జాయింట్ కలెక్టర్ ముందుకు వెళుతుంది, జరిమానా 5 లక్షల వరకు వేయొచ్చు. ఆరోగ్యానికి హాని అని తేలితే క్రిమినల్ కోర్టుకి వెళుతుంది. ఏ దశలోనూ మీ బిర్యానీ డబ్బులు ఈ ఆఫీసు ఇప్పించదు. జరిమానా ప్రభుత్వానికి పోతుంది. డబ్బు వాపసు, నష్టపరిహారం కావాలంటే దారి వేరు: ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అక్కడ రెండేళ్ల లోపు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. అక్కడైతే మీ బిల్లుకీ, ఫోటోలకీ, డాక్టరు చీటీకీ ఎక్కువ బరువు ఉంటుంది, అందుకే అసలు బిల్లు మీ దగ్గరే ఉంచుకోమన్నాను.

నెల దాటినా జవాబు రాకపోతే గొడవ పడక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి, ఫీజు పది రూపాయలు. మూడే ప్రశ్నలు అడగండి: నా ఫిర్యాదుపై తనిఖీ ఏ తేదీన జరిగింది, శాంపిల్ తీశారా, రిపోర్టు ఏమని వచ్చింది. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడిగితే జవాబు రాదు, తేదీలూ కాగితాలూ అడిగితే వస్తుంది. మా ఆఫీసులో మనుషులు తక్కువ, జిల్లా పెద్దది, పండగ రోజుల్లో అందరం పైడితల్లి అమ్మవారి జాతరలోనో, అరసవల్లి రథసప్తమిలోనో ప్రసాదాలూ అన్నదానాలూ చూస్తూ ఉండేవాళ్లం. అలాంటప్పుడు కూడా వివరంగా ఉన్న లెటర్‌ని పక్కన పెట్టలేదు, ఎందుకంటే దానికి వెళ్లాల్సిన చోటు స్పష్టంగా తెలుస్తుంది.

మీరు రేపు పదింటికల్లా ఆఫీసులో లెటర్ ఇవ్వగలిగితే, లంచ్ రద్దీకి ముందే తనిఖీకి వెళ్లే వీలుంటుంది. ముద్ర వేయించుకున్న కాపీ జాగ్రత్త చేసుకున్నాక సర్వర్ ఏమన్నాడో మీవాళ్లందరినీ ఇంకోసారి అడిగి చూడండి. పిల్లలకి పెద్దవాళ్లకంటే బాగా గుర్తుంటుంది. కొత్తగా ఏదైనా తెలిస్తే ఆఫీసర్‌కి ఒక ఫోన్ చేసి, మీ పేరు, లెటర్ ఇచ్చిన తేదీ చెప్పి ఆ సంగతి చెప్పండి.